సిర్రోసిస్‌లో ఆరు నెలల స్కానింగ్: ఏఎఫ్‌పీ పెరిగితే, లివర్‌లో గడ్డ కనిపిస్తే ఏం చేయాలి?

సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం, ఉన్న దాదాపు ప్రతి ఒక్కరికీ ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్, దానితో పాటు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేయించమని రాసిస్తాం. మొదటిసారి చేయిస్తారు, రెండోసారి కూడా చేయిస్తారు, రెండుసార్లూ ఏమీ లేదని వచ్చేసరికి మూడోసారికి "ఒంట్లో బాగానే ఉంది కదా, మళ్ళీ ఎందుకు" అని వదిలేస్తారు. మా ఓపీలో నన్ను బాగా బాధపెట్టే విషయం ఇదే, ఎందుకంటే లివర్ క్యాన్సర్ చిన్నగా ఉన్నప్పుడు ఒంట్లో బాగానే ఉంటుంది. నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, కామెర్లు రావు. కుడి డొక్కలో బరువుగా ఉంది, మనిషి చిక్కిపోతున్నాడు, పొట్టలోకి నీరు చేరింది అని వచ్చేసరికి చాలామందిలో దాన్ని పూర్తిగా తీసేసే అవకాశం దాటిపోయి ఉంటుంది.

ఆరు నెలలే ఎందుకు, ఏడాదికోసారి చాలదా అని అడుగుతుంటారు. ఈ గడ్డలు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల్లో ఘనపరిమాణంలో రెట్టింపు అవుతాయి. ఘనపరిమాణం రెట్టింపైనప్పుడు అడ్డుకొలత రెట్టింపు కాదు, దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. ఈసారి స్కానింగ్‌లో కంటికి ఆనని 1 సెంటీమీటరు గడ్డ ఆరు నెలలకి 1.3 నుంచి 1.5 దాకా వస్తుంది, అప్పుడు దొరికితే చికిత్సలన్నీ అందుబాటులోనే ఉంటాయి. ఏడాది ఆగితే 2 సెంటీమీటర్లు కావచ్చు, దూకుడుగా పెరిగే రకమైతే 3 దాటొచ్చు. ఆ 3 సెంటీమీటర్లనే గీతని గుర్తుపెట్టుకోండి, చికిత్స దగ్గర మళ్ళీ దాని పనిబడుతుంది. పోనీ మూడు నెలలకోసారి చేయిస్తే ఇంకా మంచిది కదా అంటే, అదీ పోల్చి చూశారు, ఆరు నెలల కంటే అదనంగా లాభం కనిపించలేదు, అక్కర్లేని టెన్షన్ మాత్రం పెరిగింది.

ఇంకో పొరపాటు ఉంది, బాగా చదువుకున్నవాళ్ళు కూడా చేస్తారు. హెపటైటిస్ సి మందులు వాడి వైరస్ పూర్తిగా పోయింది, లేదా తాగుడు మానేసి మూడేళ్ళయింది, కాబట్టి ఇక స్కానింగ్ అక్కర్లేదనుకుంటారు. ముప్పు తగ్గుతుంది, నిజమే, కానీ సిర్రోసిస్ వచ్చాక కారణం పోయినా మచ్చలు కట్టిన లివర్ అలాగే ఉంటుంది, గడ్డలు పుట్టేది ఆ లివర్‌లోనే. కారణాన్ని బట్టి ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి కొత్తగా క్యాన్సర్ వస్తుంది, అందుకని స్కానింగ్ కొనసాగాల్సిందే. హెపటైటిస్ బి ఉంటే సిర్రోసిస్ లేకపోయినా కొందరికి స్కానింగ్ కావాలి, నలభై దాటిన మగవాళ్ళు, యాభై దాటిన ఆడవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళు మీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

ఒక ఉదాహరణ పట్టుకుని అడుగడుగూ చూద్దాం. పలువురు పేషెంట్లలో చూసినవి కలిపి అల్లిన కేసు ఇది, పేరు కల్పితం. వెంకటయ్య గారికి 58 ఏళ్ళు, దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాణా కొట్టు, పదిహేనేళ్ళుగా షుగర్, ఎప్పుడూ మందు ముట్టలేదు. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ అయింది. పొట్టలో నీరు లేదు, మతిమరుపు, మత్తు లాంటివి లేవు, బిలిరుబిన్ 1.4, అల్బుమిన్ 3.4, ఐఎన్‌ఆర్ 1.3. అంటే లివర్ దెబ్బతిన్నా ఇంకా తన పని తాను చేసుకుంటోంది, మేం వేసుకునే లెక్కలో చైల్డ్-ఎ. కానీ ప్లేట్‌లెట్లు 92 వేలే, స్ప్లీన్ పెద్దదైంది, ఎండోస్కోపీలో అన్నవాహికలో చిన్న వేరిసిస్, అంటే ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయి. ఈ మూడూ కలిసి లివర్‌కి వచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిందని చెబుతున్నాయి. ఇది తర్వాత చాలా ముఖ్యమవుతుంది.

ఆయన ఏఎఫ్‌పీ మొదటిసారి 6, ఆరు నెలలకి 7, ఆ తర్వాత 11, నాలుగోసారి 24. అల్ట్రాసౌండ్ మాత్రం నాలుగుసార్లూ ఒకటే మాట: లివర్ గరుకుగా ఉంది, గడ్డలేమీ కనిపించలేదు. కొడుకు రిపోర్టు పట్టుకుని వచ్చి, "డాక్టర్ గారూ, స్కానింగ్ నార్మలే కదా, ఇరవై దాటింది కాస్తే, వచ్చేసారి చూద్దామా?" అని అడిగాడు. సహజమైన ప్రశ్నే. కానీ రిపోర్టులో చివరి వాక్యం అతను చదవలేదు. లావు వల్ల, పేగుల్లో గ్యాస్ వల్ల లివర్ కుడి పైభాగం సరిగా కనిపించలేదని అందులో రాసి ఉంది. గడ్డ లేదు అనడం వేరు, చూడగలిగినంత మేర గడ్డ లేదు అనడం వేరు.

అల్ట్రాసౌండ్ రిపోర్టులో నేను ముందు చూసేది ఆ వాక్యమే. ఒక్క అల్ట్రాసౌండ్ మీదే ఆధారపడితే తొలిదశ క్యాన్సర్లలో నూటికి 45 మాత్రమే దొరుకుతాయనీ, ఏఎఫ్‌పీ కూడా కలిపితే 63 దాకా దొరుకుతాయనీ చాలా అధ్యయనాలని కలిపి చూసిన లెక్క ఉంది. పొట్ట లావుగా ఉండి లివర్‌లో కొవ్వు పట్టినవాళ్ళలో ఇంకా కష్టం, ఎందుకంటే శబ్ద తరంగాలు లోపలిదాకా వెళ్ళవు. మన ఊళ్ళో షుగర్, ఫ్యాటీ లివర్ ఇంతగా పెరుగుతున్నప్పుడు ఇది పెద్ద సమస్యే. అందుకే స్కానింగ్‌కి ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్ళండి, సిర్రోసిస్ ఉందని, క్యాన్సర్ కోసం చూస్తున్నామని రేడియాలజిస్టుకి నోటితో చెప్పండి, పాత రిపోర్టులు చూపించండి. ఊపిరి గట్టిగా పీల్చి పట్టమన్నప్పుడు నిజంగా పట్టండి, అప్పుడే లివర్ పక్కటెముకల కిందకి దిగి పైభాగం కనిపిస్తుంది. లివర్ పెద్ద భాగం కనిపించలేదని రాస్తే, ఆ పరీక్ష జరగనట్టే లెక్క. అలాంటివాళ్ళకి సీటీ గానీ ఎమ్మారై గానీ అవసరమా అని మాట్లాడుకోవాలి.

ఇక ఏఎఫ్‌పీ. ఇది కడుపులో బిడ్డ ఉన్నప్పుడు బిడ్డ లివర్ తయారుచేసే ప్రోటీన్, పెద్దవాళ్ళలో చాలా తక్కువగా ఉంటుంది, లివర్ క్యాన్సర్ కణాలు మళ్ళీ దీన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. అన్నీ చేయవు, చిన్న గడ్డలున్న చాలామందిలో ఏఎఫ్‌పీ మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఏఎఫ్‌పీ బాగుందని స్కానింగ్ మానేయడానికి లేదు. క్యాన్సర్ లేకుండా కూడా పెరుగుతుంది. హెపటైటిస్ బి మాత్రలు మధ్యలో మానేసినవాళ్ళకి వైరస్ ఒక్కసారిగా విజృంభించి, లివర్ దెబ్బని చూపే ఎస్‌జీపీటీ అనే రక్తపరీక్ష మూడు వందలకి వెళ్తే, దానితో పాటు ఏఎఫ్‌పీ కూడా వందల్లోకి పోవచ్చు, మాత్రలు మొదలుపెట్టాక రెండూ కలిసి దిగుతాయి. గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది, వృషణాలకి, అండాశయాలకి వచ్చే కొన్ని గడ్డల్లోనూ పెరుగుతుంది. అందుకే ఒక్క అంకె చూసి క్యాన్సర్ అని ఏడవడం తప్పు, ఒక్క అంకె చూసి ఏమీ కాదులే అని ఊరుకోవడమూ తప్పు.

చూడాల్సింది అంకెలు ఎటు నడుస్తున్నాయనేది. ఒకరికి మూడేళ్ళుగా 22, 25, 21, 23 అని ఊగుతుంటే అది ఒక రకం. వెంకటయ్య గారిలా 6, 7, 11, 24 అని ప్రతిసారీ పైకే వెళ్తుంటే, ఎస్‌జీపీటీ మాత్రం కదలకుండా ఉంటే, అది వేరే రకం. 20 నానోగ్రాములు దాటినా, లేక కింద నుంచి క్రమంగా ఎక్కుతున్నా, స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా కూడా తర్వాతి పరీక్షకి వెళ్ళాల్సిందే. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త: కొన్ని ల్యాబుల్లో నానోగ్రాముల్లో ఇస్తారు, కొన్నిచోట్ల అంతర్జాతీయ యూనిట్లలో ఇస్తారు. ఒక యూనిట్ అంటే సుమారు 1.2 నానోగ్రాములు. వెంకటయ్య గారి కొడుకు అనుమానంతో ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 20 వచ్చింది, "చూశారా, తగ్గింది" అని సంతోషపడ్డాడు. తగ్గలేదు, ఆ 20 యూనిట్లు ఈ 24 నానోగ్రాములతో సమానం. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి, అంకెలన్నీ తేదీలతో ఒకే కాగితం మీద రాసుకోండి.

తర్వాతి పరీక్ష ఏమిటన్నది ఈ మొత్తం వ్యవహారంలో చాలామంది జారిపడే చోటు. కాంట్రాస్ట్ ఇచ్చి చేసే సీటీ అని మాత్రమే రాయించుకుని వెళ్తే, చాలా చోట్ల ఒకే దశలో, అంటే పోర్టల్ దశలో మాత్రమే బొమ్మలు తీస్తారు. లివర్ క్యాన్సర్‌ని పట్టుకోవాలంటే ట్రిపుల్ ఫేజ్, అంటే మూడు దశల్లో బొమ్మలు తీసే సీటీ కావాలి. ఎందుకో చెబుతాను. మన ఇళ్ళల్లో బోరు నీళ్ళు, మంజీరా నీళ్ళు రెండు పైపుల్లో వస్తాయి కదా, లివర్‌కీ అలాగే రెండు దారుల్లో రక్తం వస్తుంది. దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతాది ధమని ద్వారా. క్యాన్సర్ గడ్డ మాత్రం సిర పైపుని వదిలేసి దాదాపు పూర్తిగా ధమని పైపు మీదే బతుకుతుంది. చేతి నరంలోకి కాంట్రాస్ట్ ఎక్కించిన అరనిమిషం పైచిలుకు సమయానికి మందు ధమనిలో ఉంటుంది, అప్పుడు గడ్డ చుట్టుపక్కల లివర్ కంటే తెల్లగా మెరుస్తుంది. నిమిషం దాటాక మందు సిర ద్వారా లివర్ అంతా నిండుతుంది, గడ్డలోది కడుక్కుపోతుంది, అప్పుడు అదే చోట నల్లగా కనిపిస్తుంది. ముందు మెరవడం, తర్వాత నల్లబడటం, ఈ జంట దొరికితేనే నిర్ధారణ. మొదటి దశ బొమ్మలే తీయకపోతే సగం కథ పోయినట్టే, మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ కాంట్రాస్ట్ ఎక్కించుకోవాలి. కాబట్టి చీటీ మీద ట్రిపుల్ ఫేజ్ అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి, కిడ్నీల కోసం క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్ళండి.

అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనిపిస్తే ఏం చేయాలన్నది దాని సైజుని బట్టి ఉంటుంది. ఒక సెంటీమీటరు కంటే చిన్నదైతే కంగారుపడి సీటీకి పరిగెత్తక్కర్లేదు, మూడు నెలల్లో మళ్ళీ అల్ట్రాసౌండ్ చాలు, ఏఎఫ్‌పీ మాత్రం మామూలుగా ఉండాలి. సెంటీమీటరు, ఆపైన ఉంటే ట్రిపుల్ ఫేజ్ సీటీ లేదా కాంట్రాస్ట్ ఎమ్మారై వెంటనే. సిర్రోసిస్‌లో పుట్టే ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, మచ్చల మధ్య లివర్ కొత్తగా పెరిగే ప్రయత్నంలో వచ్చే మామూలు గడ్డలూ ఉంటాయి.

వెంకటయ్య గారి సీటీలో లివర్ పైభాగంలో, డయాఫ్రమ్ కింద, ఎనిమిదో సెగ్మెంట్‌లో 2.2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. సరిగ్గా అల్ట్రాసౌండ్‌కి కనిపించని చోటు. ధమని దశలో మెరిసింది, తర్వాత నల్లబడింది, చుట్టూ పొర ఉంది. రేడియాలజిస్టు ఎల్‌ఆర్-5 అని రాశారు. ఇవి ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చే గ్రేడ్లు, 5 అంటే ఖాయంగా లివర్ క్యాన్సర్, 3 అంటే తేల్చలేం, కొన్ని నెలల్లో మళ్ళీ చూడాలి, 4 అంటే చాలావరకు అదే, డాక్టర్లందరూ కూర్చుని నిర్ణయించాలి. "బయాప్సీ చేయకుండానే క్యాన్సర్ అని ఎలా అంటారు?" అని ఇంట్లోవాళ్ళు అడిగారు. వేరే క్యాన్సర్లలో చాలావాటికి ముక్క పరీక్ష తప్పనిసరి, ఇక్కడ మాత్రం సిర్రోసిస్ ఉన్న మనిషిలో ఈ బొమ్మ దొరికితే ముక్క అక్కర్లేదు. సూది గుచ్చితే రక్తస్రావం కావచ్చు, సూది దారిలో క్యాన్సర్ కణాలు అంటుకునే చిన్న ముప్పూ ఉంది. బొమ్మ అస్పష్టంగా ఉన్నప్పుడే, లేదా వేరే రకం క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడే బయాప్సీ.

ఇప్పుడు చికిత్స. ఇక్కడ రెండు జబ్బులు ఉన్నాయని మర్చిపోకూడదు, గడ్డ ఒకటి, గడ్డ పుట్టిన లివర్ ఒకటి. ఆపరేషన్ చేసి కోసేయండి అని కొడుకు పట్టుబట్టాడు, "మొత్తం తీసేస్తే పీడ పోతుంది కదా" అన్నాడు. మంచి లివర్ అయితే నేనూ అదే అంటాను. కానీ ప్లేట్‌లెట్లు లక్ష లోపు, స్ప్లీన్ పెద్దది, వేరిసిస్ ఉన్నాయి, అంటే పోర్టల్ ఒత్తిడి ఎక్కువ. ఇలాంటి లివర్‌లో ఒక భాగం కోస్తే మిగిలిన భాగం ఆ భారం మోయలేక, ఆపరేషన్ బాగా జరిగినా నెల తిరక్కుండా కామెర్లు, పొట్టలో నీరు వచ్చే ప్రమాదం ఉంది. పోర్టల్ ఒత్తిడి లేని, బిలిరుబిన్ మామూలుగా ఉన్న, గడ్డ ఒక్కటే ఉన్నవాళ్ళకి ఆపరేషన్ చాలా మంచి దారి, సైజు కాస్త పెద్దదైనా సరే.

వెంకటయ్య గారికి మైక్రోవేవ్ అబ్లేషన్ ఎంచుకున్నాం. మత్తు ఇచ్చి, చర్మం మీద నుంచి సన్నని సూదిలాంటి పరికరాన్ని గడ్డ మధ్యలోకి పంపి, కొన్ని నిమిషాలు వేడితో కాల్చేస్తారు. గడ్డని మాత్రమే కాల్చితే చాలదు, చుట్టూ కనీసం అర సెంటీమీటరు మంచి లివర్‌ని కూడా కాల్చాలి, ఎందుకంటే కంటికి కనిపించని కణాలు అంచుల్లోనే దాక్కుంటాయి. 3 సెంటీమీటర్ల గీత ఇక్కడ పనిచేస్తుంది. గడ్డ 3 లోపు ఉంటే చుట్టూ అంచుతో సహా కాల్చడం సాధ్యం, దాటితే ఒక పక్క మిగిలిపోయే అవకాశం పెరుగుతుంది. 2.2 గడ్డ ఒక్కసారి రెట్టింపైతే 2.8, రెండుసార్లైతే 3.5. అంటే ఈ దశలో పసరు మందు అనీ, ముహూర్తం అనీ ఆరేడు నెలలు పోగొట్టుకుంటే, పూర్తిగా పోయే జబ్బు చేజారిపోవచ్చు. వెంకటయ్య గారి గడ్డ డయాఫ్రమ్ కింద ఉంది, పైన ఊపిరితిత్తి, అల్ట్రాసౌండ్‌కి కనిపించదు, అందుకని సీటీ చూస్తూ, లివర్‌కీ డయాఫ్రమ్‌కీ మధ్య సెలైన్ నింపి కాస్త ఎడం చేసి కాల్చారు. తర్వాత రెండు రోజులు కొద్దిగా జ్వరం, కుడి భుజం నొప్పి. భుజానికేం అయిందని భయపడ్డారు, డయాఫ్రమ్‌కి సెగ తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది, అంతే. నెల తర్వాత మళ్ళీ ట్రిపుల్ ఫేజ్ సీటీ, కాల్చిన చోట ఎక్కడా మెరుపు లేదు, ఏఎఫ్‌పీ 8కి దిగింది.

గడ్డ పెద్దదైతే, లేదా మూడు నాలుగు ఉంటే దారి మారుతుంది. టేస్ అనే పద్ధతిలో తొడ దగ్గరి ధమని నుంచి సన్నని గొట్టం పంపి, గడ్డకి రక్తం ఇచ్చే కొమ్మలోకి కీమో మందు ఇచ్చి ఆ కొమ్మని మూసేస్తారు. గడ్డ ధమని మీదే బతుకుతుంది కాబట్టి అది మాడిపోతుంది, మిగతా లివర్ సిర రక్తంతో నిలబడుతుంది. అయితే ఆ సిరలోకే క్యాన్సర్ పాకి మూసుకుపోతే టేస్ ప్రమాదకరం, అందుకే సీటీ రిపోర్టులో పోర్టల్ వెయిన్ గురించి ఏం రాశారో మేం అంత శ్రద్ధగా చూస్తాం. రేడియోధార్మిక పూసలు పంపడం, బయటి నుంచి గురిపెట్టి రేడియేషన్ ఇవ్వడం కూడా కొందరికి సరిపోతాయి. సిరలోకి పాకినా, లివర్ బయటికి వెళ్ళినా మందులే. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి మూడు వారాలకోసారి సెలైన్‌లో ఇచ్చే చికిత్స వచ్చాక ఈ దశలోనూ మనుషులు మునుపటికన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారు. బెవాసిజుమాబ్ రక్తస్రావం పెంచుతుంది కాబట్టి దానికి ముందు ఎండోస్కోపీ చేసి వేరిసిస్ సంగతి చూడాలి. వీటిలో ఏది ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో ఉందో, ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో అడ్మిట్ అయ్యే ముందే ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి.

ఒక్క మాట కఠినంగానే చెప్పాలి. లివర్ పూర్తిగా దెబ్బతిని, చైల్డ్-సి దశలో ఉండి, వయసు వల్లో గుండె వల్లో లివర్ మార్పిడికి వీలు లేనివాళ్ళకి ఆరు నెలల స్కానింగ్ వల్ల మేలు ఉండదు. గడ్డ దొరికినా తట్టుకునే చికిత్స ఉండదు. అలాంటివాళ్ళని స్కానింగ్‌ల చుట్టూ తిప్పడం కంటే నీరు, నొప్పి, నిద్ర చూసుకోవడం మంచిది. అదే చైల్డ్-సి మనిషికి మార్పిడి సాధ్యమైతే లెక్క పూర్తిగా వేరు, స్కానింగ్ తప్పనిసరి.

ఎందుకంటే గడ్డనీ, గడ్డ పుట్టిన లివర్‌నీ ఒకేసారి తీసేసేది మార్పిడి ఒక్కటే. గడ్డ ఒక్కటే ఉండి 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు దాకా ఉండి ఒక్కోటి 3 లోపు ఉంటే మార్పిడి ఫలితాలు చాలా బాగుంటాయని 1996లో ఇటలీలోని మిలాన్‌లో తేల్చారు, ఇప్పటికీ మిలాన్ కొలత అని అదే పేరుతో పిలుస్తున్నాం. వెంకటయ్య గారు ఆ కొలత లోపలే ఉన్నారు, అయినా లివర్ పని చేస్తున్నప్పుడు అబ్లేషన్‌తో మొదలుపెట్టి, మార్పిడిని చేతిలో ఉంచుకున్నాం. కాల్చినా, కోసినా ఐదేళ్ళలో చాలామందికి, నూటికి 70 మంది దాకా, మళ్ళీ వస్తుంది. అదే గడ్డ తిరిగి రావడం కొంత, అదే లివర్‌లో ఇంకోచోట కొత్తది పుట్టడం చాలా. అందుకే అబ్లేషన్ తర్వాత మూడు నెలలకోసారి సీటీ, ఏఎఫ్‌పీ.

ఏడాది దాటాక ఆయన సీటీలో ఆరో సెగ్మెంట్‌లో 1.4 సెంటీమీటర్ల కొత్త గడ్డ కనిపించింది, ఏఎఫ్‌పీ ఈసారి 9 మాత్రమే. దాన్నీ కాల్చాం, కానీ ఈసారి మార్పిడి మాట గట్టిగా ఎత్తాం. కొడుకు నేనిస్తానన్నాడు, బ్లడ్ గ్రూపు కలిసింది, స్కాన్ చేస్తే అతని లివర్‌లోనూ కొవ్వు ఎక్కువగా ఉంది. మన ఇళ్ళల్లో దాతలు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. కొవ్వు పట్టిన లివర్‌లో సగం పైగా తీసి ఇస్తే తండ్రికీ చాలదు, కొడుక్కీ ప్రమాదం. అన్నం తగ్గించి, రోజూ నడిచి, కొన్ని నెలల్లో బరువు దించితే ఆ కొవ్వు కరుగుతుంది, మళ్ళీ స్కాన్ చేసి చూస్తాం. ఈలోగా బ్రెయిన్ డెత్ దాత నుంచి లివర్ దొరికే అవకాశం కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాం, గడ్డలు మిలాన్ కొలత దాటకుండా చూసుకోవడానికి మూడు నెలల సీటీలు నడుస్తున్నాయి.